నీరు చెప్పనిది పొర చెబుతుంది

దక్షిణాఫ్రికాలోని కింబర్లీ పట్నానికి వజ్రాల వల్ల పేరొచ్చింది. 1950లలో అక్కడి క్షయ ఆసుపత్రిలో పనిచేసిన డాక్టర్ స్లెగ్స్‌ను మాత్రం వేరే చిక్కు పట్టి పీడించింది. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిన రోగులు ఆయన దగ్గరికి చాలామంది వచ్చేవారు. అది క్షయ వల్ల చేరిన నీరేనని అప్పట్లో అందరి నమ్మకం. కొత్తగా వచ్చిన క్షయ మందులు చాలామందికి బాగానే పనిచేశాయి, కొందరికి తప్ప. ఆ కొందరిలో ఎక్కువమంది ఊరికి పడమటి దిక్కున ఉన్న కొండల ప్రాంతం వాళ్లు. వాళ్లకు నీరు తీసినకొద్దీ మళ్లీ ఊరేది. మనిషి చిక్కి శల్యమై, చివరికి ఊపిరాడక పోయేవాడు.

ఆ పడమటి కొండల్లో నీలి రాతినార గనులున్నాయి. రాతినార అంటే ఆస్‌బెస్టాస్. చూడటానికి రాయి, చీలిస్తే దూదిలా విడిపోయే నార. మగవాళ్లు తవ్వి తెస్తే, ఆడవాళ్లూ పిల్లలూ సుత్తులతో కొట్టి రాయి నుంచి నారను వేరుచేసేవారు.

1956లో జొహానెస్‌బర్గ్‌లో క్రిస్ వాగ్నర్ అనే యువ పాథాలజిస్టు ఒక శవపరీక్ష చేశాడు. ఆ మనిషిదీ క్షయ అనుకున్న కేసే. ఛాతీ తెరిచి చూస్తే ఒకవైపంతా జిగురు ముద్దలాంటి కణితి కమ్ముకుని ఉంది. అది ఊపిరితిత్తిలో పుట్టింది కాదు, దాన్ని కప్పి ఉంచే పొరలో పుట్టింది. దాని పేరు మెసోథెలియోమా. జీవితకాలంలో ఒక్కటి కనబడితే గొప్ప అన్నంత అరుదైన క్యాన్సర్ అది. వాగ్నర్, స్లెగ్స్, శస్త్రవైద్యుడు మర్‌షాండ్ ముగ్గురూ కలిసి ఇలాంటి రోగులను ఒక్కొక్కరినే వెతికారు. మీరెక్కడ పుట్టారు, చిన్నప్పుడు ఎక్కడ ఆడుకున్నారు, మీ నాన్న ఏం చేసేవాడు అని అడిగి రాసుకున్నారు. 1960లో వాళ్లు అచ్చువేసిన వ్యాసంలో 33 మంది రోగులున్నారు. అందులో 32 మందికి ఏదో ఒక దారిలో రాతినారతో సంబంధం తేలింది.

ఆ 32 మందీ గని కూలీలు కారు. గనుల దగ్గర పుట్టి పెరిగి, చిన్నతనంలోనే ఆ ఊరు వదిలేసినవాళ్లూ ఉన్నారు. గనిలో కాలు పెట్టని గృహిణులున్నారు. ఎప్పుడో బాల్యంలో పీల్చిన దుమ్ము నడివయసులో వచ్చి పట్టుకుంది. ఈ జబ్బును అర్థం చేసుకోవాలంటే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. ఇన్నేళ్లు అది ఎక్కడ దాక్కుంది? నీరు తీసి పరీక్ష చేసినా ఎందుకు దొరకలేదు?

ఊపిరితిత్తిని రెండు పలుచని పొరలు చుట్టి ఉంటాయి. ఒకటి ఊపిరితిత్తికి అంటుకుని, రెండోది పక్కటెముకల గోడకు లోపలివైపు అంటుకుని ఉంటుంది. రెంటి మధ్య ఒక చెంచా రెండు చెంచాల ద్రవం మాత్రమే ఉంటుంది. మనం ఊపిరి తీసినప్పుడల్లా పొరలు ఒరుసుకోకుండా జారడానికి అదే నూనెలా పనిచేస్తుంది. ఈ ద్రవం రోజూ ఊరుతుంది, రోజూ ఇంకిపోతుంది. ఇంకడానికి గోడవైపు పొరలో సూక్ష్మమైన రంధ్రాలున్నాయి. చెరువుకు తూములున్నట్టు.

రాతినార పోగు ఎంత సన్ననిదంటే, తల వెంట్రుక దాని ముందు మోకులా ఉంటుంది. గాలితోపాటు ఊపిరితిత్తి అంచుల దాకా వెళ్లగలదు. అక్కడి నుంచి కొన్ని పోగులు మెల్లగా పొరల మధ్యకు చేరతాయి. నీటితోపాటు కొట్టుకొచ్చి ఆ తూముల దగ్గర చిక్కుకుంటాయి. పొట్టి పోగులు బయటికి పోతాయి, పొడుగువి అడ్డం పడతాయి. తూముకు అడ్డుపడిన కంపలా అక్కడే ఉండిపోతాయి. మెసోథెలియోమా ఎక్కువగా గోడవైపు పొరలోనే మొదలవడానికి ఇది ఒక ముఖ్య కారణమని వైద్యులు భావిస్తున్నారు.

ఒంట్లోకి వచ్చిన దుమ్మును మింగేసే కణాలు మనకున్నాయి. అవి ఈ పోగును కూడా మింగబోతాయి. పోగు కణంకన్నా పొడుగు. సగం మింగి, సగం బయట వేలాడుతుండగా ఆ కణం చచ్చిపోతుంది. చస్తూ చస్తూ తన లోపలి రసాయనాలను చుట్టూ కక్కేస్తుంది. వాపు వస్తుంది. వాపు విని ఇంకో కణం వస్తుంది, దానిదీ అదే గతి. పోగు మాత్రం కరగదు. నీలి రాతినార అయితే దశాబ్దాలపాటు చెక్కుచెదరదు. తెల్ల రాతినార కొంత త్వరగా విరిగి కరుగుతుంది కాబట్టి దానివల్ల ఈ జబ్బు ముప్పు తక్కువ. తక్కువే కానీ లేకపోలేదు. క్యాన్సర్ కారకాల జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అన్ని రకాల రాతినారనూ ఒకే వరసలో పెట్టింది.

ఇన్నేళ్ల ఆలస్యానికి మూలం ఇక్కడుంది. పొర కణాలు మామూలుగా చాలా అరుదుగా విభజన చెందుతాయి. పక్కన ఆరని వాపు ఉంటే, చచ్చిన వాటి స్థానం నింపడానికి మళ్లీ మళ్లీ విభజన చెందాల్సి వస్తుంది. విభజన జరిగిన ప్రతిసారీ జన్యువుల్లో పొరపాటు దొర్లే అవకాశం ఉంది. ఒక్క పొరపాటుతో క్యాన్సర్ రాదు. కణం అదుపు తప్పకుండా పట్టి ఉంచే జన్యువులు కొన్నున్నాయి. మెసోథెలియోమాలో తరచూ పోయేవి మూడు: బీఏపీ1, సీడీకేఎన్2ఏ, ఎన్ఎఫ్2. బండికి ఉన్న బ్రేకులు ఒక్కొక్కటే ఊడిపోతున్నట్టు అనుకోవచ్చు. ఒకటి పోయాక ఇంకోటి పోవడానికి ఏళ్లు పడుతుంది. అన్నీ పోయిన కణం ఒకటి తయారయ్యాక కూడా, అది పెరిగి పొరంతా పాకి, మనిషికి తెలిసేదాకా మరికొంత కాలం. అందుకే పనికి, జబ్బుకు మధ్య సాధారణంగా 30 నుంచి 50 ఏళ్ల ఎడం కనబడుతుంది.

బ్రిటిష్ గణాంకవేత్త జూలియన్ పీటో 1980లలో ఈ ఎడాన్ని లెక్కకట్టాడు. ముప్పు, తొలిసారి రాతినార సోకినప్పటి నుంచి గడిచిన కాలంతో పెరుగుతుంది. అదీ మామూలుగా కాదు, కాలం రెట్టింపైతే ముప్పు ఎనిమిది నుంచి పదహారు రెట్లవుతుంది. అంటే 20 ఏళ్లకు ఉన్న ముప్పుకన్నా 40 ఏళ్లకు ఉన్నది అన్ని రెట్లు ఎక్కువ. పని మానేసినంత మాత్రాన గడియారం ఆగదు. చిన్న వయసులో సోకినవాళ్లకు ఆ గడియారం ముందే మొదలైంది, తిరగడానికి ఎక్కువ కాలమూ ఉంది. బ్రిటన్ 1999లో రాతినారను పూర్తిగా నిషేధించినా, ఆ తర్వాత కూడా ఏటా 2000 మందికి పైగా అక్కడ ఈ జబ్బుతో చనిపోతూ వచ్చారంటే కారణం ఇదే. వాళ్లంతా 1960లు, 70లలో ఓడల్లో, కర్మాగారాల్లో, భవన నిర్మాణాల్లో దుమ్ము పీల్చినవాళ్లు.

ఒక అపోహ ఇక్కడే తీర్చుకోవాలి. బీడీ, సిగరెట్ మెసోథెలియోమాకు కారణం కావు. రాతినార దుమ్ముకు పొగ తోడైతే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు విపరీతంగా పెరుగుతుంది, అది వేరే జబ్బు. కాబట్టి ‘ఈయనకు ఏ అలవాటూ లేదే’ అని ఇంట్లోవాళ్లు అంటే, అది మెసోథెలియోమా కాదనడానికి ఆధారం కాదు.

ఇప్పుడు నీటి సంగతి. ఆసుపత్రిలో ఈ పరీక్షలు ఎలా నడుస్తాయో చూపడానికి ఒక రోగిని ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, ఇలాంటి కేసుల్లో తరచూ జరిగేవాటిని కలిపి అల్లింది. ఆయనకు 64 ఏళ్లు. కిరాణా కొట్టు నడిపి, కొడుక్కి అప్పగించి విశ్రాంతిగా ఉంటున్నారు. నాలుగు నెలలుగా మెట్లెక్కితే ఆయాసం. కుడి భుజం కింద మొద్దుబారిన నొప్పి. జ్వరం పెద్దగా లేదు. ‘నెమ్ము చేరింది’ అన్నారు ఊళ్లో. ఎక్స్‌రే తీస్తే కుడివైపు సగం ఛాతీ తెల్లగా కనబడింది. గాలి ఉన్నచోట నల్లగా ఉండాలి, తెలుపు నీటికి గుర్తు.

నీరు తీయడం పెద్ద ఆపరేషనేమీ కాదు. మంచం అంచున కూర్చోబెట్టి, ముందు బల్లమీద చేతులు ఆనించమంటారు. అల్ట్రాసౌండ్‌తో నీరు ఎక్కడ లోతుగా ఉందో చూసి గుర్తు పెడతారు. మత్తు సూది ఇచ్చి, పక్కటెముక పైఅంచు మీదుగా సూది దించుతారు. కింది అంచున రక్తనాళాలు, నరం ఉంటాయి కాబట్టి అటు పోరు. పరీక్షకు 50 మిల్లీలీటర్లు చాలు. ఆయాసం తగ్గడానికి ఎక్కువ తీయాల్సి వస్తే ఒక్క విడతలో లీటరున్నర దాటకుండా ఆపుతారు. చాలాకాలం నలిగి ఉన్న ఊపిరితిత్తి ఒక్కసారిగా విచ్చుకుంటే దానిలోకే నీరు దిగే ప్రమాదం ఉంది. మధ్యలో ఛాతీ బిగబట్టినట్టనిపిస్తే రోగి వెంటనే చెప్పాలి, మొహమాటపడకూడదు.

మన పెద్దాయనకు లీటరు పైచిలుకు నీరు వచ్చింది. కాస్త ఎర్రజీర ఉన్న పసుపు రంగు. ముందుగా తేల్చాల్సింది ఒక్కటే: ఈ నీరు దేహంలో ఒత్తిడి లెక్క తప్పడం వల్ల పొరలోంచి జారిన పలుచటి నీరా, లేక పొరకే జబ్బు చేసి ఊరిన చిక్కటి నీరా? గుండె బలహీనపడినా, కాలేయం చెడినా మొదటి రకం వస్తుంది. దీన్ని తేల్చే లెక్కను 1972లో రిచర్డ్ లైట్ అనే అమెరికన్ వైద్యుడు ఇచ్చాడు. నీటిలోని ప్రొటీన్‌ను రక్తంలోని ప్రొటీన్‌తో భాగిస్తే 0.5 దాటితే చిక్కటి నీరు. ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్‌కూ ఇలాంటి లెక్కే ఉంది. పెద్దాయన నీటిలో ప్రొటీన్ 4.6 గ్రాములు, రక్తంలో 7 గ్రాములు. భాగిస్తే 0.66 దాకా వచ్చింది. అంటే జబ్బు గుండెలో కాదు, పొరలోనే ఉంది. ఈ లెక్క కుదరాలంటే అదే రోజు రక్తం కూడా తీయాలి. నీరు మాత్రమే పంపి రక్తం పంపడం మర్చిపోయే సందర్భాలు తక్కువేం కాదు.

పొరకు జబ్బు చేయడానికి మన దేశంలో మొదట తట్టే కారణం క్షయ. తప్పు కాదు, నిజంగానే ఎక్కువ కేసులు అవే. చిక్కల్లా క్షయ నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉండటం. సూక్ష్మదర్శినిలో చూసినా, జన్యుపరీక్ష చేసినా చాలాసార్లు దొరకవు. అందుకే డాక్టర్లు అడ్డదారిన ఊహించాల్సి వస్తుంది. నీటిలో లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉండి, అడినొసిన్ డీఅమినేజ్ అనే ఎంజైమ్ 40 యూనిట్లు దాటితే క్షయ అని భావిస్తారు. రిపోర్టుల్లో దాన్నే ‘ఏడీఏ’ అని రాస్తారు. ఈ పరీక్ష మంచిదే, ముఖ్యంగా వయసులో ఉన్నవాళ్లలో. కానీ చీము పట్టినా, లింఫ్ గ్రంథుల క్యాన్సర్ వచ్చినా, కీళ్లవాతం ఉన్నా, కొన్నిసార్లు మెసోథెలియోమాలోనూ ఆ అంకె పెరుగుతుంది.

పెద్దాయనకు లింఫోసైట్లు 80 శాతం, ఏడీఏ 38. గట్టుమీద ఉన్న అంకె. కణపరీక్ష రిపోర్టులో ‘క్యాన్సర్ కణాలు కనబడలేదు’ అని ఉంది. క్షయ మందులు మొదలుపెట్టారు. రెండు నెలల్లో ఆరు కిలోలు తగ్గారు. నీరు మళ్లీ నిండింది. కింబర్లీలో స్లెగ్స్ చూసింది సరిగ్గా ఇదే.

కణపరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది కదా, మరి? అసలు మోసం ఇక్కడుంది. మెసోథెలియోమా కేసుల్లో నీటిలోని కణాలు చూసి జబ్బు పట్టుకోగలిగేది మూడింట ఒక వంతు మందిలోనే, ఒక్కోచోట అంతకంటే తక్కువ. మొదటి కారణం, ఈ కణితి కొన్ని రకాల్లో కణాలను నీటిలోకి పెద్దగా రాల్చదు. రెండోది ఇంకా ముఖ్యం. ఊపిరితిత్తి క్యాన్సర్ కణం పొరకు పరాయిది కాబట్టి నీటిలో కనబడగానే గుర్తుపట్టొచ్చు. మెసోథెలియోమా కణం మాత్రం పొర కణానికే పుట్టిన బిడ్డ. క్షయ వల్లనో న్యుమోనియా వల్లనో చిరాకుపడిన మామూలు పొర కణం కూడా ఉబ్బి, కేంద్రకం పెద్దదై అచ్చం దానిలాగే ఉంటుంది. రెంటికీ తేడా తెలియాలంటే ఆ కణం పక్కనున్న కొవ్వులోకో కండలోకో చొచ్చుకుపోయిందా అని చూడాలి. నీటిలో తేలుతున్న కణానికి పక్క అంటూ ఏదీ లేదు. చొరబాటు కనబడాలంటే గోడ ముక్క కావాలి.

అందువల్ల రెండుసార్లు నీరు తీసినా ఏమీ తేలకపోతే, మూడోసారి, నాలుగోసారి తీసి పంపడం వల్ల ఒరిగేది స్వల్పం. పోయేది మాత్రం కాలం. పైగా సూది గుచ్చిన ప్రతిసారీ పొరలు అక్కడక్కడ అతుక్కుని, తర్వాత చేయాల్సిన పరీక్షను కష్టం చేస్తాయి.

పెద్దాయనను పెద్ద ఆసుపత్రికి పంపారు. అక్కడి ఛాతీ వైద్యుడు రిపోర్టులన్నీ చూసి పక్కనపెట్టి, ముందు మాటల్లోకి దించాడు.

“ఏం పని చేసేవారండీ మీరు?”

“కిరాణా కొట్టండి. ముప్పై ఏళ్లు నడిపా.”

“కొట్టు పెట్టకముందు?”

“అబ్బే, అవన్నీ కుర్రతనం నాటి సంగతులు సార్. డెబ్బై ఎనిమిదిలో మా మామయ్య తీసుకెళ్తే పవర్‌హౌస్‌లో కాంట్రాక్టు పనికి వెళ్లా. నాలుగేళ్లు చేశా. ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్ల పూత పాతబడితే సుత్తితో కొట్టి ఊడదీసేవాళ్లం. సంచిలోది కలిపి మళ్లీ కొత్తది పూసేవాళ్లం. సాయంత్రానికి ఒళ్లంతా పిండి జల్లినట్టుండేది.”

1978 నుంచి లెక్కేస్తే 44 ఏళ్లు. ఆ నాలుగేళ్ల పని ఏ రిపోర్టులోనూ లేదు, ఎందుకంటే ఎవరూ అడగలేదు.

తర్వాతి మెట్టు సీటీ స్కాన్, రక్తనాళంలోకి మందు ఎక్కించి తీసేది. కాస్త నీరు ఉండగానే తీస్తే పొర స్పష్టంగా కనబడుతుంది. పొర ఊపిరితిత్తిని చుట్టూరా తొక్కలా కమ్మిందా, గడ్డలు గడ్డలుగా ఉందా, సెంటీమీటరు మందం దాటిందా, గుండెవైపు ఉన్న పొర కూడా దళసరి అయిందా అని చూస్తారు. ఇవన్నీ క్యాన్సర్ వైపు వేలెత్తే గుర్తులు. పెద్దాయన స్కాన్‌లో ఇవి ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది: ఉదరవితానం మీద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ మీద, రెండువైపులా సున్నం పట్టిన మచ్చలు. ఈ మచ్చలు క్యాన్సర్ కావు, క్యాన్సర్‌గా మారేవీ కావు. ఈ మనిషి ఎప్పుడో రాతినార పీల్చాడని చెప్పే సాక్ష్యాలు. అయితే స్కాన్ అనుమానాన్ని పెంచుతుందే తప్ప తీర్పు చెప్పదు. స్కాన్ మామూలుగా ఉన్నంత మాత్రాన జబ్బు లేదనీ కాదు.

ముక్క తీయడానికి పూర్వం నుంచీ ఉన్న పద్ధతి, కొక్కెంలాంటి సూదితో గుడ్డిగా గుచ్చి తీయడం. క్షయ పొరంతా సమంగా పాకుతుంది కాబట్టి దానికది చాలావరకు పనికొస్తుంది. క్యాన్సర్ అతుకులు అతుకులుగా ఉంటుంది. గుడ్డి సూది మంచి చోట పడితే రిపోర్టు ‘ఏమీ లేదు’ అని వస్తుంది. 2003లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక పోలిక చూస్తే, గుడ్డి సూది క్యాన్సర్‌ను సగానికన్నా తక్కువ మందిలో పట్టుకుంది. సీటీలో చూస్తూ దళసరిగా ఉన్నచోట గుచ్చిన సూది పదిమందిలో దాదాపు తొమ్మిదిమందిలో పట్టుకుంది.

పొరను కళ్లతో చూసి ముక్క తీయడం ఇంకా నమ్మకమైనది. దాన్ని థొరకోస్కోపీ అంటారు. మత్తులో పూర్తిగా ముంచనక్కర్లేదు. నొప్పి తెలియకుండా చేసి, మగత మందు ఇస్తారు. జబ్బు ఉన్నవైపు పైకి వచ్చేలా పక్కకు పడుకోబెట్టి, చంక కింద పక్కటెముకల మధ్య వేలు వెడల్పు కోత పెడతారు. నీరంతా పీల్చేస్తారు. నీరు పోయిన చోటుకి గాలి చేరి ఊపిరితిత్తి పక్కకు జరుగుతుంది. అప్పుడు కెమెరా గొట్టం లోపలికి పంపితే గోడ మొత్తం తెరమీద కనిపిస్తుంది. ఆరోగ్యమైన పొర మెరుస్తూ, వెనకున్న పక్కటెముక, ఎర్రటి నాళాలు కనబడేంత పలుచగా ఉంటుంది. పెద్దాయన గోడ మీద ద్రాక్ష గింజల్లా తెల్లటి బొడిపెలు పరుచుకుని ఉన్నాయి. వేర్వేరు చోట్ల నుంచి ఎనిమిది పది ముక్కలు, కొవ్వు కూడా కొంచెం వచ్చేలా లోతుగా తీశారు. చివర్లో నీరు మళ్లీ చేరకుండా టాల్క్ పొడి చల్లి రెండు పొరలూ అతుక్కునేలా చేశారు. రోగనిర్ధారణ, ఉపశమనం ఒకే కోతలో అయ్యాయి. ఈ పద్ధతిలో పదిమందిలో తొమ్మిదిమందికి పైగా జబ్బు తేలిపోతుంది.

మిగిలిన పని పాథాలజీ గదిలో. ముక్కకు రంగులు వేసి, అది పొర కణమేనా, ఊపిరితిత్తి నుంచి వచ్చిన కణమా అని మొదట విడదీస్తారు. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ1 అనే గుర్తులు పట్టుకుంటే పొర కణం. టీటీఎఫ్1 పట్టుకుంటే చాలావరకు ఊపిరితిత్తి కణం. ఏ ఒక్క గుర్తునూ నమ్ముకోకుండా అటువి రెండు, ఇటువి రెండు తప్పక వేస్తారు. తర్వాత కొవ్వులోకి చొరబాటు ఉందా, బీఏపీ1 ప్రొటీన్ మాయమైందా అని చూస్తారు. చిరాకుపడిన మామూలు కణంలో బీఏపీ1 ఉంటుంది. అది పోయిందంటే కణం కచ్చితంగా దారి తప్పినట్టే. ఉన్నంత మాత్రాన జబ్బు లేదని మాత్రం అనలేం. పెద్దాయన ముక్కలో అది లేదు. ఎపిథెలియాయిడ్ రకం మెసోథెలియోమా అని రిపోర్టు వచ్చింది. ఉన్న రకాల్లో కొంత నయమైనది అదే.

ముక్కలో ‘వాపు తప్ప ఏమీ లేదు’ అని వచ్చినా అక్కడితో ఫైలు మూసేయకూడదు. అలా వచ్చినవాళ్లలో కొందరికి ఏడాది రెండేళ్లలో క్యాన్సర్ బయటపడుతుంది. రాతినార చరిత్ర ఉన్నవాళ్లను స్కాన్‌లతో గమనిస్తూ ఉండాలి.

ఈ జబ్బును పూర్తిగా నయం చేయడం నేటికీ చాలా అరుదు, ఆ మాట దాచి లాభం లేదు. పెమెట్రెక్సెడ్, ప్లాటినం మందుల కీమోథెరపీ 2003 నుంచి ఉంది. తర్వాత ఇమ్యునోథెరపీ వచ్చింది. నివోలుమాబ్, ఇపిలిముమాబ్ కలిపి ఇచ్చిన పరీక్షలో సగం మంది 18 నెలలకు పైగా బతికారు, కీమోథెరపీ వాళ్లలో ఆ లెక్క 14 నెలలు. మరికొందరు ఏళ్లపాటు బతికారు. పొరలు అతుక్కోని వాళ్లకు ఛాతీలో సన్నని గొట్టం అమర్చితే ఇంట్లోనే నీరు తీసుకోవచ్చు, ఆసుపత్రి చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. సరైన పేరు రెండు నెలల ముందు తెలిస్తే, బలం ఉండగానే ఈ దారుల్లో ఒకటి దొరుకుతుంది. పెద్దాయన ఆ రెండు నెలలూ క్షయ మందులకు పోగొట్టుకున్నారు.

తెలుగు నేలకు ఈ కథ దూరం కాదు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో తెల్ల రాతినార గనులు నడిచాయి. సిమెంటు రేకుల కర్మాగారాలు హైదరాబాద్‌లో దశాబ్దాల నుంచి ఉన్నాయి. పాత పవర్‌హౌస్‌లలో, రైల్వే వర్క్‌షాపుల్లో, ఓడల్లో వేడి ఆపడానికి ఒకప్పుడు ప్రపంచమంతా వాడింది ఈ నారే. మనదేశంలో రాతినార గని లీజులు 1986లో ఆపేశారు, దిగుమతి మాత్రం సాగింది. చెక్కుచెదరకుండా ఉన్న రేకు కింద కాపురం చేయడం వేరు, దాన్ని రంపంతో కోయడం, పాతదాన్ని పగలగొట్టడం వేరు. దుమ్ము రేగేది రెండోదాంట్లో. తప్పనిసరైతే రేకును నీళ్లతో బాగా తడిపి, పగలకుండా దించాలి. పనిబట్టలు ఇంట్లో దులపకూడదు. భర్త పనిబట్టలు ఉతికిన భార్యలకు ఈ జబ్బు వచ్చినట్టు 1965లోనే లండన్‌లో వైద్యులు రాసిపెట్టారు.

1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల విషయంలో ఒక తీర్పు ఇచ్చింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, రెంటిలో ఏది తర్వాత వస్తే అంతవరకు యాజమాన్యం భద్రపరచాలని ఆదేశించింది. ఈ జబ్బు ఎడాన్ని ఎరిగి పెట్టిన గడువది. అయితే మన పెద్దాయనలాంటి కాంట్రాక్టు కూలీకి ఏ రికార్డూ ఉండదు. పేరు మస్టర్‌లో ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. పని నిరూపించుకోలేనివాడికి పరిహారమూ అందదు.

కాబట్టి ఆ రికార్డు ఇంట్లోనే రాసుకోవాలి. మీ నాన్నగారో తాతగారో ఊపిరితిత్తికి నీరు పట్టి ఆసుపత్రికి వెళ్తుంటే, ఒక కాగితం మీద పదిహేనో ఏట నుంచి చేసిన పనులన్నీ వరసగా రాయండి. ఏ ఊరు, ఏ ఏడు, ఎన్ని నెలలు, దుమ్ము రేగేదా, తోటి పనివాళ్లలో ఇంకా ఎవరున్నారు. ఇంట్లో ఎవరి పనిబట్టలు ఎవరు ఉతికేవారో అదీ రాయండి. డాక్టర్ అడగకపోయినా ఆ కాగితం ఆయన చేతిలో పెట్టండి. మందులు వాడినా నీరు మళ్లీ చేరితే, ‘ఇంకోసారి నీరు తీద్దాం’ అన్నప్పుడు, ‘పొర ముక్క తీసి చూస్తారా డాక్టరుగారూ’ అని అడగండి.